ట్రాన్స్‌ఫార్మర్ మోత దేని వెంట నడుస్తోంది: వోల్టేజీ వెంటా, లోడు వెంటా?

ప్రశ్న: నేను కొత్తగా లైన్‌మన్ అప్రెంటిస్‌గా చేరాను. మా సీనియర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాసేపు నిలబడి విని "దీనిలో ఏదో తేడా ఉంది" అంటారు. నాకు మాత్రం అన్నీ ఒకేలా వినిపిస్తాయి. అసలు ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు మోగుతుంది? మోత మారితే దేన్ని అనుమానించాలి? ఫోన్‌లో రికార్డు చేసి చూస్తే ఏమైనా తెలుస్తుందా?

జవాబు:

మీ సీనియర్ చెవిలో ప్రత్యేకమైన శక్తి ఏమీ లేదు. ఆయన మోతతో పాటు ఇంకో విషయం కూడా గమనిస్తున్నారు. ఆ మోత ఏ వేళలో పెరుగుతోంది, ఏ వేళలో తగ్గుతోంది అన్నది. నేను ఈ పని నేర్చుకున్న పెద్ద లైన్‌మన్‌ను అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయన నాకు మొదట నేర్పింది కూడా ఇదే. ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ఆయన ఎలా ఆలోచించారో చెబితే మీ మూడు ప్రశ్నలకూ సమాధానం అందులోనే వస్తుంది.

ముందు మోత ఎందుకు వస్తుందో చూద్దాం. లోపల కరెంటు పారుతోంది కాబట్టి మోగుతోందని అప్పట్లో నేను అనుకునేవాణ్ని. బాబాయ్ వాదించలేదు. వేరే పని కోసం ఒక ట్రాన్స్‌ఫార్మర్ లోడు తీయాల్సి వచ్చినప్పుడు నన్ను కొంచెం దూరంలో నిలబెట్టి, ఎల్‌టీ వైపు స్విచ్ తీసేశారు. వినియోగదారులకు వెళ్లే కరెంటు మొత్తం ఆగిపోయింది. మోత మాత్రం ఆగలేదు.

"ఇప్పుడు బయటికి కరెంటు పోవట్లేదు కదా. మరి ఏం మోగుతోంది అబ్బాయ్?" అన్నారు.

నేను చెప్పలేకపోయాను. ఆయన వివరించారు. "పైన 11 కేవీ ఇంకా ఉంది. కోర్‌లో అయస్కాంతం పుడుతూ, పోతూనే ఉంది. మోగేది ఆ ఇనుము. లోడు ఉన్నా లేకపోయినా అది మోగుతుంది."

ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఒకే ఇనుప దిమ్మ కాదు. పావు మిల్లీమీటరు, అటూ ఇటూగా మందం ఉండే సిలికాన్ స్టీల్ రేకులను పేక ముక్కల కట్టలాగా పేర్చి, గట్టిగా బిగిస్తారు. ఈ ఉక్కుకు ఒక గుణం ఉంది. అయస్కాంత క్షేత్రంలో పడితే దాని పొడవు రవ్వంత మారుతుంది. దీన్ని మాగ్నెటోస్ట్రిక్షన్ అంటారు. ఇనుములో ఈ మార్పును 1842లో జౌల్ గమనించాడు. మార్పు చాలా చిన్నది. మీటరు పొడవున్న రేకులో అది మిల్లీమీటరులో వెయ్యో వంతో, అలాంటివి కొన్నో ఉంటుంది. అంత చిన్న కదలికే వందల కిలోల ఇనుములో సెకనుకు వంద సార్లు జరిగితే ట్యాంకు గోడలు అదురుతాయి, ఆ అదురు గాలిలోకి వచ్చి మనకు వినిపిస్తుంది.

వంద సార్లు ఎందుకు? మన సరఫరా 50 హెర్ట్జ్ కదా అని నేనూ అడిగాను. అయస్కాంతం ఉత్తరం వైపు ఉందా, దక్షిణం వైపు ఉందా అన్నది రేకుకు అనవసరం. బలం పెరిగితే పొడవు మారుతుంది, బలం సున్నాకు వస్తే మొదటి పొడవుకు వస్తుంది. ఒక సైకిల్‌లో బలం రెండుసార్లు పెరిగి రెండుసార్లు సున్నా అవుతుంది. కాబట్టి 50 హెర్ట్జ్ సరఫరాకు మోత 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. 60 హెర్ట్జ్ సరఫరా ఉన్న దేశాల్లో 120. ఇనుము సాగడం నున్నగా జరగదు కాబట్టి 200, 300, 400 హెర్ట్జ్ స్వరాలు కూడా అందులో కలుస్తాయి. ఈ పై స్వరాలు ఎంత బలంగా ఉన్నాయన్న దాన్ని బట్టే ఒక ట్రాన్స్‌ఫార్మర్ "గుయ్" అని మెత్తగా, ఇంకొకటి "జర్ర్" అని గరుకుగా వినిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం మీ మనసులో బాగా నాటుకోవాలి. కోర్‌లో అయస్కాంత బలాన్ని నిర్ణయించేది వోల్టేజీ. లోడు కాదు. వోల్టేజీ పెరిగితే బలం పెరుగుతుంది, మోత పెరుగుతుంది. బలం ఒక హద్దు దాటితే ఇనుము నిండిపోతుంది, దాన్నే కోర్ శాచురేషన్ అంటాం. అప్పుడు మోత పెద్దదవడమే కాదు, పై స్వరాలు ఎక్కువై గరుకుగా మారుతుంది.

దీని ఫలితం కొత్తవాళ్లకు తిరకాసుగా ఉంటుంది. అర్ధరాత్రి లోడు తక్కువ కాబట్టి లైన్‌లో వోల్టేజీ పెరుగుతుంది. సాయంత్రం లోడు ఎక్కువ కాబట్టి వోల్టేజీ తగ్గుతుంది. ఉదాహరణకు ఒక ఫీడర్ చివర అర్ధరాత్రి 11.4 కేవీ, సాయంత్రం 10.5 కేవీ ఉందనుకోండి. కోర్‌లో అయస్కాంత బలం సాయంత్రం దాదాపు ఎనిమిది శాతం తక్కువ. అంటే ఆరోగ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మోత అర్ధరాత్రి కొంచెం ఎక్కువగా, సాయంత్రం కొంచెం తక్కువగా ఉండాలి. రాత్రి చుట్టూ నిశ్శబ్దంగా ఉండటం వల్ల ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. "రాత్రి మోగిపోతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. అక్కడ చూడాల్సింది వోల్టేజీ ఎంత ఉందో, చుట్టలో చుట్ల సంఖ్య మార్చి వోల్టేజీని సర్దే ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయితే అది ఏ స్థానంలో ఉందో. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ట్యాప్‌ను సరఫరా పూర్తిగా తీశాకే మార్చాలి.

కరెంటు వల్ల శబ్దమే రాదా అంటే, వస్తుంది. చుట్టల్లో కరెంటు పారితే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఈ బలం కరెంటు వర్గంతో పెరుగుతుంది, కరెంటు రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. సబ్‌స్టేషన్‌లో ఉండే పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఈ శబ్దం లెక్కలోకి తీసుకోవాల్సినంత ఉంటుంది. స్తంభాల మీదో, గద్దె మీదో ఉండే చిన్న డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో కోర్ మోతే ప్రధానం, చుట్టల శబ్దం దాని కింద మునిగిపోతుంది. అందుకే ఇలాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మోత లోడుతో పాటు స్పష్టంగా పెరుగుతుంటే ఊరుకోకూడదు.

ఇప్పుడు ఆ 100 కేవీఏ సంగతి.

సాయంత్రం పూట కొన్ని ఇళ్లలో లైట్లు మినుకుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. మేం వెళ్లింది మధ్యాహ్నం. ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా మోగుతోంది. ఫ్యూజులు బాగున్నాయి. నేను సరిగ్గానే ఉందన్నాను. బాబాయ్ ఫిర్యాదు చేసిన ఇళ్లు ఏ ఫేజు మీద ఉన్నాయో కనుక్కున్నారు. అన్నీ ఆర్ ఫేజు మీదే ఉన్నాయి. మిగతా రెండు ఫేజుల మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

"సాయంత్రం మళ్లీ వద్దాం. ఫిర్యాదు ఏ వేళ వచ్చిందో ఆ వేళ వినాలి" అన్నారు.

సాయంత్రం లోడు పెరిగాక వెళ్తే మోత వేరేగా ఉంది. కింద మామూలు గుయ్ శబ్దం అలాగే ఉంది. దాని మీద ఒక గరగర. మధ్యమధ్యలో ఉన్నట్టుండి టక్ అని చిన్న చప్పుడు. ఆ చప్పుడుకు క్రమం లేదు. నేను దగ్గరికి వెళ్లి ట్యాంకుకు చెవి ఆనించబోతే బాబాయ్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. ట్యాంకుకు ఎర్త్ ఉంటుంది నిజమే, కానీ ఆ ఎర్త్ తెగి ఉందో లేదో మనకు తెలియదు. లోపల తేడా ఉందని అనుమానిస్తూ దాని ఒంటిని తాకడం ఎంత మాత్రం తగదు. కర్ర ఆనించి చెవి పెట్టి వినే అలవాటు కొందరిలో ఉంది, దాన్ని మీరు నేర్చుకోకండి. పక్కకు నిలబడి వినండి. పైన బుషింగులకు ఎదురుగా, ఆయిల్ చిమ్మే దారిలో నిలబడకండి.

ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇప్పుడు వోల్టేజీ మధ్యాహ్నం కన్నా పెరిగిందా, తగ్గిందా?"

తగ్గి ఉంటుందన్నాను.

"మరి మోత పెరిగింది. కాబట్టి ఇది కోర్ మాట కాదు. కరెంటు పారే దారిలో ఎక్కడో ఉంది. ఆ దారిలో వెతుకుదాం."

మా నిర్ధారణలో సగం ఆ మాటతోనే అయిపోయింది. కోర్ బోల్టులు వదులవడం, అధిక వోల్టేజీ, రేకుల మధ్య ఇన్సులేషన్ పోవడం, ఇవన్నీ వోల్టేజీతో నడిచేవి. మధ్యాహ్నం కూడా వినిపించాలి. వినిపించలేదు. బుషింగ్ మీద దుమ్ము, తేమ వల్ల వచ్చే బుసబుస శబ్దం మంచు కురిసే తెల్లవారుజామున, చినుకుల్లో ఎక్కువవుతుంది, ఎండ ఎక్కితే పోతుంది. ఆ సాయంత్రం వాతావరణం పొడిగా ఉంది. మిగిలింది కరెంటు దారి: ఎల్‌టీ కేబుల్ లగ్గు, బుషింగ్ స్టడ్, స్టడ్ లోపలి చివర, అక్కడి నుంచి చుట్టకు వెళ్లే రాగి పట్టీ.

చేతి తొడుగులు వేసుకుని ఎల్‌టీ కేబుళ్ల మీద టాంగ్ టెస్టర్‌తో కొలిచారు. ఆర్ ఫేజులో 130 ఆంపియర్లు, వైలో 95, బీలో 45. న్యూట్రల్‌లో 74. 433 వోల్టుల దగ్గర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు 133 ఆంపియర్లు. మొత్తం మీద చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ మూడింట రెండు వంతులే పని చేస్తోంది, కానీ ఒక్క ఆర్ ఫేజు మాత్రం అంచున ఉంది. తర్వాత ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ చూశారు. వై, బీ ఫేజుల్లో మీటరు ఒక అంకె దగ్గర స్థిరంగా నిలిచింది. ఆర్ ఫేజులో నిలవలేదు, 217కూ 226కూ మధ్య ఊగుతూ ఉంది. లోడు ఎక్కువ ఉంటే వోల్టేజీ తక్కువ ఉండటం సహజమే. ఊగడం సహజం కాదు. ఎక్కడో కలవాల్సిన రెండు లోహాలు ఒకసారి బాగా కలిసి, ఒకసారి సరిగ్గా కలవక ఉన్నాయని దాని అర్థం.

అలా వదులైన చోట నిరోధం 0.05 ఓం ఉందనుకోండి. వినడానికి చాలా చిన్న అంకె. మధ్యాహ్నం 40 ఆంపియర్లు పారుతున్నప్పుడు అక్కడ పుట్టే వేడి 40 × 40 × 0.05, అంటే 80 వాట్లు. చుట్టూ ఉన్న ఆయిల్ ఆ వేడిని తీసుకుపోతుంది. సాయంత్రం 130 ఆంపియర్లకు అదే లెక్క 845 వాట్లు అవుతుంది. కరెంటు మూడు రెట్లకు కాస్త ఎక్కువ పెరిగితే వేడి పదిరెట్లు దాటింది. ఒక నట్టు వెడల్పు ఉన్న చోట అంత వేడి పుడితే లోహం వ్యాకోచిస్తుంది, అతుకు కదులుతుంది, సన్నని నిప్పురవ్వలు లేస్తాయి, పక్కనున్న ఆయిల్ మాడి బుడగలు వస్తాయి. గరగర, టక్ అనే చప్పుడు వాటివి. మధ్యాహ్నం ఎందుకు వినిపించలేదో, సాయంత్రం ఎందుకు వినిపించిందో ఈ లెక్కే చెబుతుంది.

ఆ రాత్రి దాన్ని అలాగే వదిలేయలేదు. బాబాయ్ పై అధికారికి ఫోన్ చేసి, ఫీడర్‌ను సబ్‌స్టేషన్ నుంచే ఆపించి లైన్ క్లియర్ తీసుకున్నారు. మామూలుగా అయితే ఎల్‌టీ లోడు తీసేసి, 11 కేవీ వైపు ఉండే ఏబీ స్విచ్ దించవచ్చు. ఏబీ స్విచ్ లోడు కరెంటును తెంపడానికి చేసింది కాదు కాబట్టి ముందు ఎల్‌టీ తీయాలి, ఆ వరుస ఎప్పుడూ తప్పకూడదు. లోపల నిప్పురవ్వలు లేస్తున్నాయని అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి ఏ స్విచ్చూ తీయవద్దు. దూరం నుంచి సరఫరా ఆపించండి. ఆపాక డెడ్ అని నిర్ధారించుకుని, డిశ్చార్జ్ రాడ్‌తో 11 కేవీ వైపూ ఎల్‌టీ వైపూ రెండిటికీ ఎర్త్ వేయాలి. ఎవరి జనరేటరో, ఇన్వర్టరో ఎల్‌టీ లైన్‌లోకి వెనక్కి కరెంటు పంపితే, అది ట్రాన్స్‌ఫార్మర్‌లో పైకి మారి 11 కేవీ వైపు ప్రాణం తీసేంత వోల్టేజీ అవుతుంది.

ఎర్త్ వేశాక నన్ను పైకి పంపి ఆర్ ఫేజు స్టడ్ చూడమన్నారు. బయటి లగ్గు గట్టిగానే ఉంది. ఇత్తడి స్టడ్ మాత్రం మిగతా రెండిటి కన్నా రంగు మారి నల్లబడింది. బుషింగ్ అడుగున గాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉంది, దాని మీద దుమ్ము అంటుకుని ఉంది. బాబాయ్ కింద నుంచి "వై, బీ బుషింగుల దగ్గర చెమ్మ ఉందా?" అని అడిగారు. లేదు.

ఆయనకు అక్కడే కథ అర్థమైంది. అంతకు ముందు ఆ ఫేజు కేబుల్ మార్చారు. లగ్గు నట్టును ఒకే స్పానర్‌తో బిగించి ఉంటారు. స్టడ్ బుషింగ్‌లోంచి ట్యాంకు లోపలికి వెళ్తుంది, లోపలి చివర ఇంకో నట్టుతో రాగి పట్టీకి బిగించి ఉంటుంది. బయటి నట్టు తిప్పేటప్పుడు కింది చెక్ నట్టును రెండో స్పానర్‌తో పట్టుకోకపోతే స్టడ్ మొత్తం తిరుగుతుంది. బయట బిగుతు పెరుగుతుంది, లోపల వదులవుతుంది. స్టడ్ తిరిగినప్పుడు గాస్కెట్ కూడా నలిగి ఆయిల్ చెమ్మ మొదలవుతుంది. చెమ్మ ఆ ఒక్క బుషింగ్ దగ్గరే ఉండటానికి కారణం అదే. కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు చూపించే పని ఇదే. రెండు స్పానర్లు లేకుండా బుషింగ్ నట్టు ముట్టుకోవద్దు.

ట్రాన్స్‌ఫార్మర్‌ను దించి రిపేరు కేంద్రానికి పంపారు, దాని చోట వేరేది పెట్టారు. విప్పి చూసినప్పుడు బాబాయ్ నన్ను కూడా తీసుకెళ్లారు. ఆర్ ఫేజు లోపలి నట్టు వేళ్లతో తిరిగేంత వదులుగా ఉంది. స్టడ్ మరల మీద గుంటలు పడ్డాయి. రాగి పట్టీ చివర నల్లగా మాడింది. ఆ మసి ఆయిల్‌లో కలిసి ఉంది. ఆయిల్ ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో చూసే బీడీవీ పరీక్షను 2.5 మిల్లీమీటర్ల ఎడంతో చేస్తే 30 కేవీ కూడా తట్టుకోలేదు. ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ రీడింగ్ బాగుంది, చుట్టలు చెడిపోలేదు. స్టడ్, పట్టీ చివర, గాస్కెట్లు మార్చి, ఆయిల్ ఫిల్టర్ చేశారు. ఇంకొంత కాలం వదిలేసి ఉంటే మసి పట్టిన ఆయిల్‌లో ఫేజుకూ ట్యాంకుకూ మధ్య ఫ్లాష్ అయ్యేది. అప్పుడు స్టడ్డు బదులు మొత్తం చుట్టలే మార్చాల్సి వచ్చేది. కొత్తగా పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆర్ ఫేజులోని కొన్ని సర్వీసులను బీ ఫేజుకు మార్చారు. మొత్తం 270 ఆంపియర్లను మూడుగా పంచితే ఫేజుకు 90 వస్తుంది. సరిగ్గా 90 ఎప్పుడూ రాదు, కానీ ఆ దగ్గరికి తెస్తే న్యూట్రల్ కరెంటు బాగా తగ్గుతుంది.

ఈ కేసులో మోత పెరిగింది. కొన్ని లోపాల్లో మోత తగ్గుతుంది, కొత్తవాళ్లు దాన్ని పట్టించుకోరు. 11 కేవీ వైపు డెల్టా, ఎల్‌టీ వైపు స్టార్ ఉండే మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 కేవీ వైపు ఉండే హెచ్‌జీ ఫ్యూజు ఒకటి పోయిందనుకోండి. మిగిలిన రెండు లైన్ల మధ్య ఉన్న ఒక్క చుట్టకే పూర్తి వోల్టేజీ అందుతుంది. మిగతా రెండు చుట్టలు వరుసగా కలిసిపోయి ఆ వోల్టేజీని చెరి సగం పంచుకుంటాయి. కోర్‌లో రెండు కాళ్లకు సగం బలమే ఉంటుంది కాబట్టి మోత నీరసంగా, వేరే స్వరంలో వినిపిస్తుంది. ఎల్‌టీలో ఒక ఫేజు మామూలుగా, రెండు ఫేజులు సుమారు సగం వోల్టేజీలో ఉంటాయి. లోడు సమానంగా లేకపోతే ఆ సగాలు అటూ ఇటూ అవుతాయి. లైట్లు మసకబారితే ఫర్వాలేదు, మూడు ఫేజుల మోటార్లు మాత్రం గుర్రుమంటూ తిరగలేక కాలిపోతాయి. ఎల్‌టీ ఫ్యూజులన్నీ బాగుండి, రెండు ఫేజులు సగం వోల్టేజీ చూపిస్తే పైకి చూడండి.

ఛార్జ్ చేసిన క్షణంలో వచ్చే పెద్ద ఉరుము విషయంలో భయపడకండి. స్విచ్ వేసిన క్షణం సైకిల్‌లో ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి కోర్ కాసేపు శాచురేట్ అయి, ఇన్‌రష్ కరెంటు పూర్తి లోడుకు ఎన్నో రెట్లు వెళ్తుంది. మోత గట్టిగా లేచి కొద్ది సేపట్లో మామూలు స్థాయికి దిగాలి. దిగకపోతే తేడా ఉన్నట్టు.

వినగానే దూరం జరగాల్సిన శబ్దాలు కూడా ఉన్నాయి. లోపల ఆయిల్ గుబగుబ మరుగుతున్న శబ్దం, లోడుతో సంబంధం లేకుండా ఆగకుండా వచ్చే చిటపట, దాంతో పాటు మాడిన వాసన, వెంట్ దగ్గర ఆయిల్. చుట్టలో టర్న్‌ల మధ్య షార్ట్ అయి ఉండవచ్చు. అప్పుడు కొలతలు కూడా వద్దు, సరఫరా ఆపించడమే పని. ఆ తర్వాత ఫ్యూజు పోయి ఉంటే కొత్త ఫ్యూజు వేసి "ఒకసారి ఛార్జ్ చేసి చూద్దాం" అనే మాట మీ చుట్టూ తప్పకుండా వినిపిస్తుంది. ఒప్పుకోకండి. శబ్దం మారాక ఫ్యూజు పోయిందంటే అది చేయాల్సిన పని చేసింది. మెగ్గర్, ఆయిల్ పరీక్ష కాకుండా తిరిగి ఛార్జ్ చేస్తే ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది. లావు వైరు ఫ్యూజుగా వేయడం ఇంకా ఘోరం.

చెవికి అందనివి చాలా ఉన్నాయని కూడా తెలుసుకోండి. ఆయిల్‌లో తేమ చేరడం, కాగితం ఇన్సులేషన్ ఏళ్ల తరబడి పెళుసెక్కడం మోతలో వినిపించవు. బ్రీదర్‌లో నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు మారి ఉంటే, మోత ఎంత చక్కగా ఉన్నా ఆయిల్ శాంపిల్ తీయాల్సిందే.

ఇక ఫోన్ గురించి. ఉపయోగం ఉంది, ఒక పద్ధతి పాటిస్తే. శబ్దాన్ని స్వరాలుగా విడదీసి చూపించే స్పెక్ట్రమ్ యాప్‌లో మామూలు మోత 100, 200, 300, 400 హెర్ట్జ్ దగ్గర విడివిడి శిఖరాలుగా కనిపిస్తుంది. ఫోన్ మైకులు చాలావరకు తక్కువ స్వరాలను సరిగ్గా పట్టవు కాబట్టి 100 దగ్గర శిఖరం చిన్నదిగా కనిపిస్తే కంగారు వద్దు. నిప్పురవ్వలు ఉంటే శిఖరాల మధ్య ఖాళీ కూడా పైకి లేస్తుంది, ఎందుకంటే ఆ చప్పుడుకు నిర్దిష్టమైన స్వరం ఉండదు. 50, 150 హెర్ట్జ్ దగ్గర కొత్తగా శిఖరాలు వస్తే సరఫరాలోకి డీసీ చేరుతోందేమో అనుమానించి పై అధికారికి చెప్పండి. అయితే ఒక్క రికార్డింగ్‌తో ఏదీ తేల్చలేం. మీ పరిధిలోని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌ను అది బాగున్నప్పుడు, కంచె బయట ఒకే చోట నిలబడి, ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి సాయంత్రం లోడులో రికార్డు చేసి పెట్టుకోండి. ఫైలు పేరులో తేదీ, వేళతో పాటు అప్పటి మూడు ఫేజుల ఆంపియర్లు, వోల్టేజీ రాయండి. ఆ అంకెలు లేకపోతే తర్వాత మోత పెరిగిందని తెలిసినా, అది వోల్టేజీతో పెరిగిందో లోడుతో పెరిగిందో చెప్పలేరు.